కొత్త బ్రాంచి కబురు: దారి తప్పని చిరునామా, మాట తప్పని ఆఫర్

"శుభవార్త! మీ అందరి ఆదరాభిమానాలతో దినదినాభివృద్ధి చెందుతున్న మా సంస్థ నూతన బ్రాంచి కూకట్‌పల్లి మెయిన్ రోడ్డులో అతి త్వరలో ప్రారంభం. ప్రారంభోత్సవ సందర్భంగా అన్నింటిపై 50 శాతం వరకు తగ్గింపు. త్వరపడండి. షరతులు వర్తిస్తాయి."

ఇలాంటి కబురు వారానికి ఒక్కటైనా మన ఫోన్లలోకి వస్తూనే ఉంటుంది. చదువుతాం, పక్కకు జరుపుతాం. చదివినవాళ్లలో నిజంగా వెళ్లాలనుకున్న మనిషి ఉన్నాడనుకోండి, అతనికి కావలసిన నాలుగు సంగతుల్లో ఒక్కటీ ఇందులో లేదు. ఏ రోజు, ఎన్ని గంటలకు అమ్మకం మొదలవుతుంది? మూసాపేట నుంచి మియాపూర్ దాకా సాగే ఆ పెద్ద రోడ్డులో ఎక్కడ, ఏ పక్కన? ఏ వస్తువు మీద ఎంత తగ్గుతుంది? తగ్గించమని అడిగితే కౌంటరులో ఏ షరతు చెబుతారు?

దుకాణం పెట్టడానికి లక్షలు ఖర్చుపెట్టినవాళ్లు ఈ కబురు రాసే పని మాత్రం ఫ్లెక్సీ కొట్టే కుర్రాడికి వదిలేస్తారు. అతను పాత ఫైలు తీసి, పేరు మార్చి ఇస్తాడు. చిన్న వ్యాపారులు ఆ పని తామే కూర్చుని చేసుకోవాలని నా కోరిక. అందుకే ఒక దుకాణాన్ని ఊహించుకుని, దాని కబురును మొదటి నుంచి చివరి దాకా తయారు చేసి చూద్దాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో చాన్నాళ్లుగా నడుస్తున్న పచ్చళ్లు, పొడుల దుకాణం అది. భార్యాభర్తలు నడుపుతారు. కూకట్‌పల్లి వైపు నుంచి వచ్చి కొనుక్కెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి కేపీహెచ్‌బీ కాలనీలో రెండో దుకాణం తెరుస్తున్నారు. తేదీ నవంబరు 9, ఆదివారం. కార్తీకమాసం, ఉసిరికాయ పచ్చడి కాలం.

ముందుగా తేల్చాల్సింది పాత దుకాణం సంగతి. "మా దుకాణం ఇప్పుడు కేపీహెచ్‌బీలో" అని రాస్తే దిల్‌సుఖ్‌నగర్ ఖాతాదారులు పాతది ఎత్తేశారనుకుంటారు. నెలకు రెండుసార్లు వచ్చే ఇల్లాలు ఆ నెల ఇంకెక్కడో కొనుక్కుంటుంది, అక్కడే అలవాటు పడుతుంది. కొత్త ఖాతాదారు కోసం రాసిన వాక్యం పాత ఖాతాదారును పోగొట్టుకోవడానికి కారణమవుతుంది. అందుకే మొదటి వాక్యంలోనే "దిల్‌సుఖ్‌నగర్ దుకాణం ఎప్పటిలాగే ఉంటుంది, కేపీహెచ్‌బీలో రెండోది తెరుస్తున్నాం" అని రెండు ముక్కలూ కలిపి చెప్పాలి. పచ్చళ్ల విషయంలో దీనికి ఇంకో ముక్క కూడా తోడవ్వాలి. పచ్చడి ఎవరు కలుపుతారు? రుచి మీద నమ్మకంతో వచ్చేవాళ్లు మొదట అడిగే ప్రశ్న అదే. పచ్చళ్లన్నీ పాతచోటే కలిపి ఇక్కడికి తెస్తున్నారా, ఇక్కడే కొత్త మనుషులు కలుపుతున్నారా అన్నది ఉన్నదున్నట్టు రాయాలి. ధరలు రెండు చోట్లా ఒకటేనా అన్నదీ అంతే. కొత్తచోట అద్దె ఎక్కువ కాబట్టి కిలోకు ఇరవై రూపాయలు పెంచారనుకోండి, ఆ మాట ముందే రాసేస్తే సరిపోతుంది. బిల్లులో చూసి తెలుసుకుంటే మాత్రం ఆ ఇరవై రూపాయలు చాలా దూరం వెంటాడతాయి.

ఇక సమయం. మన దగ్గర ప్రారంభమంటే పూజ, రిబ్బను కత్తిరింపు, బంధువులు, ఫొటోలు. ముహూర్తం ఉదయం 9:15 అని కార్డులో ఉంటే పది మంది ఖాతాదారులు 9:15కే వస్తారు. అప్పటికి బిల్లు యంత్రం కూడా పెట్టి ఉండదు. పురోహితులు ఇంకా మంత్రాలు చదువుతుంటారు. వచ్చినవాళ్లు అరగంట నిలబడి వెళ్లిపోతారు. పూజ సమయం బంధుమిత్రుల ఆహ్వానపత్రికలో ఉంటే చాలు. అందరికీ పంపే కబురులో "అమ్మకాలు ఉదయం 10:30 నుంచి" అని ఒక్కటే రాయాలి. ఆ 10:30కి కౌంటరు సిద్ధంగా ఉండాలి. మామూలు రోజుల్లో తెరిచి ఉండే వేళలు, సెలవు రోజు కూడా అక్కడే చెప్పేస్తే ఆ తర్వాత వచ్చేవాళ్లకు మళ్లీ ఫోన్ చేసే పని ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చిరునామా.

తపాలా చిరునామా వేరు, మనిషికి దారి చెప్పడం వేరు. పోస్ట్‌మన్‌కు ఆ వీధి ముందే తెలుసు. అతనికి ఇంటి నంబరు, వీధి, కాలనీ, పిన్ కోడ్ ఉంటే చాలు. కొత్తగా వచ్చే మనిషికి ఇంటి నంబరు ఆఖరి పది అడుగుల్లో తప్ప పనికిరాదు. హైదరాబాదు పాత పేటల్లో వార్డు, బ్లాకు, ఇల్లు అని గీతలతో విడదీసి రాసే నంబర్లుంటాయి. ఒక ఇంటి స్థలంలో రెండు, మూడు ఇళ్లు లేచాక వాటికి బై నంబర్లు చేరాయి. వీధిలో నడుస్తూ నంబర్లు చూసుకుంటూ పోతే వరసగా దొరకవు. కేపీహెచ్‌బీ కాలనీ తీరు మరొకటి. హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీ కాబట్టి ఇళ్లను ఆదాయ వర్గాలవారీగా విభజించారు. ఈడబ్ల్యూఎస్, ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అనే ఆ వర్గాల పేర్లే ఇప్పటికీ ఇంటి నంబర్ల ముందు నడుస్తున్నాయి. ఎల్‌ఐజీ 45 వేరు, ఎంఐజీ 45 వేరు. కబురులో "నం. 45, కేపీహెచ్‌బీ కాలనీ" అని ముందరి అక్షరాలు వదిలేసి రాస్తే మనిషి మరో వీధిలో, మరెవరి గేటు ముందో నిలబడతాడు. ఆ మూడక్షరాలు అలంకారం కాదు, చిరునామాలో సగం బరువు వాటిదే.

పిన్ కోడ్ కూడా తెలిసినవాళ్లను అడిగి రాసుకోవాలి. మన దేశంలో పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఆరంకెల్లో మొదటిది 5 అయితే అది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల మండలం. చివరి మూడంకెలు బట్వాడా చేసే తపాలా కార్యాలయానివి. కూకట్‌పల్లి పరిసరాల్లో 500072, 500085 రెండూ వాడుకలో కనిపిస్తాయి. పక్క దుకాణం బోర్డు చూసి రాసుకోకుండా ఆ వీధికి వచ్చే పోస్ట్‌మన్‌ను అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. నడిచొచ్చేవాళ్లకు పిన్ కోడ్‌తో పని లేకపోయినా, పార్సిల్ తెప్పించుకునేవాళ్లకూ సరుకు పంపే హోల్‌సేల్ వ్యాపారికీ ఉంటుంది.

ఆనవాళ్ల సంగతి దీనికన్నా లోతైనది. మనవాళ్లు దారి చెప్పేదే ఆనవాళ్లతో. రావిచెట్టు, ఆంజనేయస్వామి గుడి, వాటర్ ట్యాంకు, మూలమీది మందుల దుకాణం. మంచి ఆనవాలుకు మూడు గుణాలుండాలి. రోడ్డు మీద వెళ్తుండగానే కంటపడాలి. అలాంటిది ఆ చుట్టుపక్కల ఇంకొకటి ఉండకూడదు. వచ్చే ఏడాది కూడా అక్కడే ఉండాలి. ఏటీఎం మొదటి పరీక్షలోనే పోతుంది, చీకట్లో తప్ప బోర్డు కనిపించదు. పైగా ఒకే రోడ్డులో ఒకే బ్యాంకువి రెండుంటాయి. బట్టల షోరూము పెద్దదే, కానీ వచ్చే సంక్రాంతికి అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉండొచ్చు. గుడి, బడి, బస్టాపు, పెట్రోలు బంకు, మెట్రో స్టేషను నిలకడైనవి.

ఊరివాళ్ల నోట్లో మాత్రమే మిగిలిన ఆనవాళ్లూ ఉంటాయి. సికింద్రాబాదులో సంగీత్ థియేటరు పడగొట్టి చాలా కాలమైంది. ఆ కూడలిని ఇప్పటికీ సంగీత్ అనే పిలుస్తారు. ఆటో డ్రైవరుకు అది చాలు. ఉద్యోగం కోసం నిన్న రాజమండ్రి నుంచి దిగిన కుర్రాడు మాత్రం సినిమా హాలు కోసం వెతుకుతాడు. అలాంటి పేరు వాడక తప్పకపోతే దాని పక్కన ఇప్పుడు కంటికి కనిపించే వస్తువు ఒకటి చేర్చాలి.

హైదరాబాదులో దారి చెప్పేవాళ్లకు గత కొన్నేళ్లుగా ఒక గొప్ప సాయం దొరికింది. స్తంభాల నంబర్లు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా వేసిన పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలయ్యాక, కింద ఉన్న దుకాణాలూ ఫంక్షన్ హాళ్లూ పిల్లరు నంబరుతోనే చిరునామా చెప్పడం మొదలుపెట్టాయి. మెట్రో వచ్చాక ఆ అలవాటు నగరమంతా పాకింది. నంబర్లు వరసగా ఉంటాయి కాబట్టి బండి మీద వెళ్లే మనిషికి తాను దగ్గరవుతున్నాడో దూరమవుతున్నాడో రెండు స్తంభాలు దాటగానే తెలిసిపోతుంది. గుడికీ చెట్టుకూ లేని సుగుణం అది.

కానీ స్తంభం రోడ్డు మధ్యలో ఉంటుంది. అది ఎంత దూరంలో అన్నది చెబుతుంది కానీ ఏ పక్కన అన్నది చెప్పదు. మియాపూర్ వెళ్లే రోడ్డులో ఈ లోటు చాలా ఖరీదైనది. మధ్యలో డివైడరు, పైన మెట్రో వంతెన. అవతలి పక్క దుకాణం బోర్డు స్తంభాల వెనక దాగిపోతుంది. చూసుకునేలోపే దాటేస్తాం. తిరిగి రావాలంటే యూటర్ను ఎక్కడో ముందుంటుంది. సాయంత్రం రద్దీలో ఆ చిన్న పొరపాటుకు పావుగంట పోతుంది. అందువల్ల పిల్లరు నంబరు రాసిన ప్రతిచోటా వెంటనే "అమీర్‌పేట నుంచి మియాపూర్ వెళ్లేటప్పుడు మీ ఎడమచేతి పక్క" అని రాయాలి. ఉత్తరం, దక్షిణం అని రాస్తే ఎవరికీ అందదు. రెండు పెద్ద ఊళ్ల పేర్లో, పేటల పేర్లో చెప్పి ఎడమ, కుడి అంటే అందరికీ అందుతుంది. మియాపూర్ నుంచి వచ్చేవాళ్లకు యూటర్ను ఎక్కడ తీసుకోవాలో ఇంకో వాక్యంలో చెప్పాలి. దారి రాసేవాళ్లు చాలామంది తమ ఇంటి వైపు నుంచి వచ్చే దారి ఒక్కటే రాసి ఆగిపోతారు.

స్తంభం ఇంకో చోట కూడా చేతులెత్తేస్తుంది. మన దుకాణం పెద్ద రోడ్డు మీద లేదు, కాలనీ లోపలి వీధిలో ఉంది. అక్కడ స్తంభాలు లేవు. అంటే దారిని రెండు భాగాలుగా విడదీయాలి. పెద్ద రోడ్డు మీద ఏ మలుపు దగ్గర లోపలికి తిరగాలో చెప్పడానికి పిల్లరు, బస్టాపు. తిరిగాక తలుపు దాకా తీసుకెళ్లడానికి చిన్న ఆనవాళ్లు. లోపలి భాగంలో "కొంచెం ముందుకు" అన్న మాట వాడకూడదు. ఎన్నో సందు, ఏ చేతి వైపు, ఎన్ని నిమిషాల నడక అన్నవి ఉండాలి. "దగ్గర" అనే మాట కూడా వీలైనంత వరకు మానేసి "ఎదురుగా", "పక్కన", "వెనక సందులో" అని రాస్తే మనిషి కళ్లు ఎటు తిప్పాలో తెలుస్తుంది. మొదటి అంతస్తులో ఉంటే మెట్లు ఎటు నుంచో చెప్పాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు పచ్చళ్ల దుకాణానికే ఎక్కువగా వస్తారు కదా, లిఫ్టు ఉందో లేదో కూడా రాయడం మర్యాద.

ఈ దుకాణానికి కలిసొచ్చిన విషయం ఒకటుంది. దిల్‌సుఖ్‌నగర్, కేపీహెచ్‌బీ కాలనీ రెండూ మెట్రో ఎర్ర లైను మీదే ఉన్నాయి. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే ఆ లైనులో ఎక్కడా రైలు మారాల్సిన పని లేదు. పాత దుకాణం ఖాతాదారులు తమ చుట్టాలకు చెప్పడానికి ఈ ఒక్క ముక్క చాలు. స్టేషనులో ఏ వైపు మెట్లు దిగాలో మాత్రం యజమాని స్వయంగా దిగి చూసి రాయాలి, తప్పు వైపు దిగితే మళ్లీ రోడ్డు దాటాల్సి వస్తుంది.

ఫోన్‌లో మ్యాప్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. మ్యాప్ కావాలి, దానికీ జాగ్రత్తలున్నాయి. ఒకే పేరుతో ఊళ్లో రెండు దుకాణాలున్నప్పుడు పేరు కొట్టి వెతికితే ఎక్కువ మంది చూసిన పాతదే ముందు వస్తుంది. మనిషి కేపీహెచ్‌బీలో ఉండి దిల్‌సుఖ్‌నగర్‌కు దారి పెట్టుకుంటాడు. అందుకే కొత్త బ్రాంచిని మ్యాప్‌లో విడిగా నమోదు చేసి, దాని లింకునే కబురులో ఇవ్వాలి. గుర్తు సరిగ్గా తలుపు మీద పడిందో లేదో చూడాలి. వెనక వీధిలో పడితే మ్యాప్ మనిషిని గోడ అవతలికి తీసుకెళ్లి, చేరుకున్నారని చెప్పేస్తుంది. తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ కూడా ఉంది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి పదక్షరాల కోడ్ ఇస్తుంది. ఇంకా జనం నోట్లో పడలేదు కాబట్టి చివర్లో చిన్నగా రాసి ఉంచవచ్చు, ఆనవాళ్ల బదులు మాత్రం వాడలేం.

ఇంకొక సాదా విషయం. చాలామంది మొత్తం కబురును రంగుల బొమ్మగా చేయించి పంపుతారు. బొమ్మలో ఉన్న లింకు నొక్కితే తెరుచుకోదు, చిరునామా కాపీ కాదు. బొమ్మ పంపండి, దాని కిందే అదే చిరునామాను అక్షరాలుగా కూడా పంపండి. ఆ బొమ్మలో కంప్యూటరులో గీసిన దుకాణం కాకుండా, పగటి వెలుతురులో రోడ్డు అవతలి నుంచి తీసిన నిజమైన ఫొటో ఉండాలి, పక్క దుకాణాల బోర్డులు కూడా కనిపించేలా. బయట నిలబడి వెతుక్కునే మనిషి ఫోన్‌లోని ఫొటోనూ ఎదురుగా ఉన్న వీధినీ పోల్చి చూసుకుంటాడు.

దారి రాయడం అయ్యాక ఒక పరీక్ష పెట్టాలి. ఆ వీధి ఎన్నడూ చూడని మనిషికి రాసిన కాగితం ఇచ్చి, ఫోన్ చేయకుండా రమ్మనాలి. అతను ఎక్కడ ఆగాడో, ఎవరిని అడిగాడో కనుక్కుంటే ఏ వాక్యం తిరగరాయాలో తెలుస్తుంది. సాయంత్రం చీకటి పడ్డాక మరొకరితో కూడా చేయిస్తే ఇంకా మంచిది. పగలు కనిపించే రావిచెట్టు రాత్రి కనిపించదు.

ఇక ఆఫర్. ఇక్కడ లెక్క ముందు, మాట తర్వాత.

మన దుకాణంలో వంద రూపాయల పచ్చడి అమ్మితే కాయ, నూనె, కారం, సీసా, కలిపే మనుషుల కూలి పోను 35 రూపాయలు మిగులుతాయనుకుందాం. అద్దె, కరెంటు, జీతాలు ఆ 35లోంచే. రోజుకు వంద సీసాలు అమ్మితే 3,500. ఇప్పుడు పది శాతం తగ్గించారు. సీసా 90కి పోతుంది, మిగిలేది 25. అదే 3,500 రావాలంటే 140 సీసాలు అమ్మాలి. ప్రారంభం రోజుల్లో అది కుదిరే పనే. ఇరవై శాతం తగ్గిస్తే మిగిలేది 15, అమ్మాల్సినవి 230 పైన. నలభై శాతం తగ్గిస్తే సీసాకు ఐదు రూపాయలు చేతి నుంచి పడుతుంది, సగం ధరకైతే పదిహేను. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం.

కాబట్టి ఇలాంటి దుకాణం "అన్నింటిపై సగం ధర" అని రాసిందంటే దాని వెనక ఉండగలిగేవి కొన్నే. ఆ రోజుకు నష్టం భరిస్తున్నారు, లేదా ముందు ధర పెంచి తర్వాత కోశారు, లేదా "వరకు" అన్న చిన్న మాట పక్కన దాక్కుని ఏదో ఒక్క పొడి మీదే సగం ఇచ్చి మిగతావాటి మీద ఐదు శాతం ఇస్తున్నారు. మొదటిది నిజాయితీయే, కానీ ఎన్ని సీసాలకో రాయాలి. మిగతా రెండూ కొనేవాడిని మోసం చేయడమే.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధిస్తుంది. దాని కింద 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్న దుకాణాలవాళ్లు వాటిలో మూడింటిని గుర్తుంచుకుంటే చాలు. ఎర ప్రకటన ఒకటి. చెప్పిన ధరకు అమ్మడానికి తగినంత సరుకు లేకుండా జనాన్ని రప్పించకూడదు, సరుకు పరిమితమైతే ఆ మాట ప్రకటనలోనే ఉండాలి. ఉచితం రెండోది. ఉచితమన్నదాని కోసం కొనేవాడు తెచ్చుకునే ఖర్చు తప్ప మరేమీ కట్టకూడదు, దాని ధర ఇంకో వస్తువులో కలిపి రాబట్టకూడదు. మూడోది మన ఫ్లెక్సీలకు సూటిగా తగులుతుంది. షరతు కూడా ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలోనే, అదే అక్షరాలతో ఉండాలి. పైన పెద్ద తెలుగులో సగం ధర అని, కింద చీమలంత ఇంగ్లీషులో షరతులు రాయడం ఈ నియమానికి విరుద్ధం. తప్పుదోవ పట్టించిన తయారీదారుకు మొదటిసారి పది లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది. ఫిర్యాదు చేయాలనుకునే కొనుగోలుదారులకు 1915 అనే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు ఉంది.

లక్కీ డ్రా గురించి చాలామంది వ్యాపారులకు తెలియని సంగతి ఒకటుంది. అమ్మకాలు పెంచుకోవడానికి లాటరీ, అదృష్ట పోటీ పెట్టడాన్ని అదే చట్టం అన్యాయ వాణిజ్య పద్ధతుల జాబితాలో చేర్చింది. కూపన్ రాసి డబ్బాలో వేయించుకుని, బంగారు నాణెం ఎవరికి వచ్చిందో చెప్పకపోవడం కూడా అందులో విడిగా ఉంది. ప్రారంభోత్సవానికి అది అక్కర్లేదు, వదిలేయడం మేలు.

తగ్గింపు ధర రాశాక కౌంటరులో దాని మీద మళ్లీ పన్ను కలపడం ఇంకో అలవాటు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దుస్తుల దుకాణాల కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లో ఈ పద్ధతిని తప్పుపట్టింది. మన కబురులో "పన్నులన్నీ కలిపి" అన్న రెండు మాటలు రాసి, బిల్లు కూడా అలాగే వేయాలి.

మరి మన దంపతులు ఏ ఆఫర్ ఇవ్వాలి? ధర తగ్గించడం కన్నా రుచి చూపించడం వాళ్లకు లాభం. అయిదు వందల రూపాయల కొనుగోలు మీద వంద గ్రాముల కందిపొడి ఉచితం అనుకుందాం. అది మామూలుగా 50 రూపాయలకు అమ్మేది, తయారీకి వాళ్లకు పడేది 30. అంటే అయిదు వందల మీద ఆరు శాతమే. కొనేవాళ్లకు యాభై రూపాయల వస్తువు దక్కుతుంది, పైగా ఎప్పుడూ కొనని పొడి రుచి తెలుస్తుంది. బాగుంటే మళ్లీ వస్తారు. దీనితోపాటు కాలానికి తగ్గ ఉసిరికాయ పచ్చడి ఒక్కదాని మీద పది శాతం తగ్గింపు. ఆ పచ్చడి ధరను ముందు నెలలో పెంచకుండా ఉండాలి, పాత బిల్లులు దాచి ఉంచుకోవాలి.

పొడి ప్యాకెట్లు ఎన్ని కట్టాలన్నది అంచనా వేసుకోవాలి. మూడు రోజులు, రోజుకు 150 బిల్లులు వస్తాయనుకుంటే 450. అన్ని బిల్లులూ అయిదు వందలు దాటవు, అయినా 500 కట్టి ఉంచితే నిశ్చింత. అంతకు మించి జనం వస్తే? బిల్లు వెనక ముద్ర వేసి, తర్వాతి ఆదివారంలోగా వచ్చి తీసుకోమని చెప్పాలి. ఆ మాట కూడా ముందే కబురులో ఉండాలి. అయిపోయిందని చెప్పి ఊరుకుంటే ఆ కుటుంబం తర్వాత రాదు, పక్క అపార్ట్‌మెంటులో కూడా చెబుతుంది.

"మొదటి వంద మందికి" అన్న ఆఫర్ నాకు నచ్చదు. నూటొకటో మనిషి కూడా ఎండలో నిలబడే ఉంటాడు. అలా పెట్టక తప్పకపోతే వరసలో నిలబడ్డవాళ్లకు ముందే టోకెన్లు ఇచ్చి, వంద అవగానే మిగతావాళ్లకు చెప్పేయాలి.

అమ్మేది తిండి కాబట్టి ఒక కాగితం పని కూడా కబురుకు ముందే అవ్వాలి. ఆహార భద్రత లైసెన్సు లేదా రిజిస్ట్రేషను ఒక్కో ఆవరణకు విడిగా తీసుకోవాలి. పాత దుకాణం నంబరు కొత్త గోడకు తగిలిస్తే చెల్లదు. ఆ నంబరు వచ్చాకే తేదీ ప్రకటించడం క్షేమం. తేదీ ప్రకటించి, కాగితం రాక వాయిదా వేస్తే మొదటి కబురును చూసినవాళ్లందరికీ రెండో కబురు చేరదు.

ఇంతవరకు అనుకున్నదంతా కలిపితే కబురు ఇలా వస్తుంది. ఇంటి నంబరు, పిల్లరు నంబరు, వీధి ఆనవాళ్లు కేవలం ఊహించినవి.

"దిల్‌సుఖ్‌నగర్‌లోని మా పచ్చళ్ల దుకాణం ఎప్పటిలాగే ఉంటుంది. కేపీహెచ్‌బీ కాలనీలో రెండోది తెరుస్తున్నాం. పచ్చళ్లన్నీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే కలిపి తెస్తాం. రెండు చోట్లా ధరలు ఒకటే.

నవంబరు 9, ఆదివారం. అమ్మకాలు ఉదయం 10:30 నుంచి రాత్రి 9 దాకా. ఆ తర్వాత రోజూ ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా. మంగళవారం సెలవు. ప్రారంభం వారంలో మంగళవారం కూడా ఉంటాం.

చిరునామా: ఎల్‌ఐజీ 00, రోడ్డు నం. 0, కేపీహెచ్‌బీ కాలనీ, హైదరాబాదు, పిన్ 500072. కింది అంతస్తు, మెట్లు లేవు.

అమీర్‌పేట వైపు నుంచి వచ్చేవాళ్లు మెట్రో పిల్లరు ఎ 000 దగ్గర ఎడమ పక్క కాలనీలోకి తిరగండి. మలుపులో పెట్రోలు బంకు ఉంటుంది. లోపలికి వచ్చాక రెండో సందు దాటగానే కుడిచేతి పక్క ఆంజనేయస్వామి గుడి, దాని ఎదురుగా పసుపు రంగు బోర్డు మాదే. మియాపూర్ వైపు నుంచి వచ్చేవాళ్లు పిల్లరు దాటి ముందున్న యూటర్ను తీసుకుని వెనక్కి రండి. మెట్రోలో కేపీహెచ్‌బీ కాలనీ స్టేషను దిగి కాలనీ వైపు మెట్లు దిగితే ఏడెనిమిది నిమిషాల నడక. బండ్లు గుడి పక్క ఖాళీ స్థలంలో పెట్టుకోవచ్చు, కారుకు చోటు తక్కువ.

నవంబరు 9, 10, 11 తేదీల్లో: ఉసిరికాయ పచ్చడి మీద 10 శాతం తగ్గింపు. అరకిలో 300 రూపాయలది 270కి, పన్నులన్నీ కలిపి. బరువు సీసా కాకుండా. ఏ వస్తువులైనా సరే 500 రూపాయలు దాటిన ప్రతి బిల్లుకు 100 గ్రాముల కందిపొడి ఉచితం. ఒక బిల్లుకు ఒక ప్యాకెట్టు. ప్యాకెట్లు అయిపోతే బిల్లు మీద ముద్ర వేసి ఇస్తాం, నవంబరు 16 లోగా వచ్చి తీసుకోండి. ఈ ఆఫర్లు కేపీహెచ్‌బీ దుకాణంలోనే, ఇంటికి తెప్పించుకునే ఆర్డర్లకు లేవు. కార్తీక నియమాలున్నవాళ్ల కోసం వెల్లుల్లి లేని పచ్చళ్లు విడి గరిటెలతో, విడి అరలో ఉంటాయి."

ఇందులో "త్వరపడండి" లేదు, "షరతులు వర్తిస్తాయి" లేదు. షరతులన్నీ ఆఫర్ పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉన్నాయి. కారుకు చోటు తక్కువన్న మాట దాచలేదు. దాని వల్ల ఒకరిద్దరు తగ్గినా, వచ్చినవాళ్లు బండి మీదో మెట్రోలోనో తయారై వస్తారు.

మూడో రోజు రాత్రి ఒక పని మిగిలి ఉంటుంది. దుకాణం ముందున్న ఆఫర్ ఫ్లెక్సీ తీసేయాలి. పంపిన కబురులోంచి ఆఫర్ పేరా తీసేసి, చిరునామా, దారి, వేళలు మాత్రం ఉంచి మళ్లీ పెట్టాలి. కాలనీలో రెండు నెలల తర్వాత ఎవరో ఒకరు ఈ కబురును చుట్టాలకు పంపుతారు. అప్పుడు కౌంటరులో నిలబడ్డ అమ్మాయి "ఆఫర్ ఎప్పుడో అయిపోయిందండీ" అని చెప్పాల్సిన అవసరం రాదు.